సజ్జపిండి చేదు, ఒక కాఫీ మెయిలు: నెల రోజుల ప్రాజెక్టు డైరీ

శనివారం రాత్రి, షాద్‌నగర్ బస్సులో

మాది షాద్‌నగర్‌లో చిన్న పిండి యూనిట్. నేనూ తమ్ముడూ నడుపుతున్నాం. జొన్నపిండి, రాగిపిండి సాఫీగానే పోతున్నాయి. సజ్జపిండి దగ్గరే దెబ్బ తింటున్నాం. మరపట్టిన వారం పది రోజులకు వాసన మారి చేదెక్కుతోంది. కొట్టువాళ్లు ప్యాకెట్లు తిప్పి పంపిస్తున్నారు. ప్యాకింగు కవరు మార్చాం, గింజ ఇంకో రోజు ఎక్కువ ఎండబెట్టాం, ఫలితం లేదు.

ఈ సాయంత్రం మాదాపూర్ వైపు చిన్న ఆహార వ్యాపారులు, మెషీన్ల వాళ్లు, ప్యాకింగు వాళ్లు కలుసుకునే మీటింగు ఉంటే ఇద్దరం వెళ్లాం. అక్కడ టీ బల్ల దగ్గర ఒక మేడమ్ కలిశారు. ముప్పై ఏళ్లకు పైగా ఫుడ్ టెక్నాలజీలో పనిచేసి రిటైరయ్యారట. ఇప్పుడు చిన్న యూనిట్లకు సలహాలు ఇస్తున్నారు. మహా అయితే ఏడెనిమిది నిమిషాలు మాట్లాడి ఉంటాం. ఈ డైరీ ఆ ఏడెనిమిది నిమిషాల గురించే. వాటిని ఎట్లా కాపాడుకోవాలి, మళ్లీ కలవడానికి ఆవిడకు ఏమని రాయాలి అన్నదే నేను పెట్టుకున్న పని.

అందుకే బస్సెక్కగానే ఫోన్లో రాసుకున్నా. ఆవిడ అన్న మాటల్ని నా మాటల్లోకి మార్చకుండా, విన్నది విన్నట్టు.

నన్ను అడిగిన మొదటి ప్రశ్న: "మరపట్టే ముందు గింజను ఏం చేస్తున్నావమ్మా?" చెరిగి, రాళ్లు ఏరి, ఎండబెడుతున్నాం అన్నాను. "ఉడుకు నీళ్లలో ముంచట్లేదా?" అన్నారు. లేదన్నాను. అప్పుడు చెప్పారు: సజ్జలో కొవ్వు ఎక్కువ, అది ఎక్కువగా మొలక భాగంలో ఉంటుంది. ఆ కొవ్వును విరగ్గొట్టే ఎంజైము కూడా అదే గింజలో ఉంటుంది. "గింజగా ఉన్నంతసేపు కొవ్వు ఒక గదిలో, ఎంజైము ఇంకో గదిలో. నువ్వు మరపట్టావంటే మధ్య గోడ పడగొట్టినట్టే. ఆ ఎంజైమును ముందే వేడితో చంపాలి. మరిగే నీళ్లలో 30 సెకన్లు చాలు."

తర్వాత ఎట్లా ఆరబెట్టాలని అడగబోతుంటే ఎవరో వచ్చి ఆవిణ్ణి స్టేజీ వైపు తీసుకెళ్లారు. వెళ్తూ కార్డు చేతిలో పెట్టి, "మెయిల్ పెట్టమ్మా, వాట్సాప్‌లో వందలు వస్తాయి, నీది కనబడదు" అన్నారు.

మాట ఎక్కడ తెగిందో కూడా రాసుకున్నా: ఆరబెట్టడం దగ్గర. మళ్లీ కలిస్తే అక్కడి నుంచే మొదలుపెట్టాలి. ఇంకో రెండు చిన్న సంగతులు. హబ్సిగూడ నుంచి ఇంత దూరం వచ్చానని అన్నారు. మూడింటికి మనవణ్ణి బడి నుంచి తెచ్చుకోవాలి కాబట్టి బయటి పనులన్నీ పొద్దుటే పెట్టుకుంటానని పక్కనున్నావిడతో అంటుంటే విన్నాను.

ఆదివారం

పొద్దున్నే కిలో సజ్జలు తీసుకున్నాం. అమ్మ పాత పంచె గుడ్డలో మూట కట్టింది. రెండు లీటర్ల నీళ్లు మరిగించి, మూట ముంచి, ఫోన్లో 30 సెకన్లు పెట్టి తీశాం. మా దగ్గర నీళ్లు 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. దక్కను పీఠభూమి ఎత్తు వల్ల హైదరాబాద్ చుట్టుపక్కల అంతటా అంతే. కానీ గింజలు పడగానే థర్మామీటరు 86కు దిగిపోయింది. ఆ అంకె చూసి కంగారు పడ్డాను. కానీ తర్వాత మెయిల్లో పనికొచ్చింది ఆ అంకే.

గింజలు మేడ మీద పరిచి సాయంత్రం దాకా ఎండబెట్టాం. పంటికింద టక్కుమని విరిగితే ఆరినట్టని అమ్మ లెక్క.

మధ్యాహ్నం మెయిలు మొదటి ప్రతి రాశాను. దాని తప్పులు నాకు బాగా పనికొచ్చాయి, అందుకే ఇక్కడ ఉంచుతున్నా:

"గౌరవనీయులైన మేడమ్ గారికి, నమస్కారం. నిన్న మీటింగులో మిమ్మల్ని కలవడం నా అదృష్టం. మీ అనుభవం మాలాంటి వారికి ఎంతో స్ఫూర్తిదాయకం. మేము షాద్‌నగర్‌లో చిరుధాన్యాల పిండ్లు తయారుచేస్తున్నాం. మీరు నైట్రోజన్ ప్యాకింగ్ గురించి చెప్పిన విషయాలు చాలా ఉపయోగపడ్డాయి. మా ఉత్పత్తుల నిల్వకాలం పెంచడం, ప్యాకింగు, లేబులు, ల్యాబ్ పరీక్షలు, మార్కెటింగు గురించి మీ మార్గదర్శనం కావాలి. మీకు వీలున్నప్పుడు ఒకసారి కాఫీకి కలుద్దామా? మా కేటలాగు జతచేస్తున్నాను."

రాసి పక్కన పెట్టి, సాయంత్రం ఆవిడ స్థానంలో కూర్చుని చదివాను. నిన్న ఆవిడ ఎంతమందితో మాట్లాడి ఉంటారో. వాళ్లలో నేనెవరో ఈ మెయిలు చెప్పట్లేదు. "స్ఫూర్తిదాయకం" అన్న మాట ఎవరు ఎవరికి రాసినా సరిపోతుంది. అడిగినవి అయిదు విషయాలు, ఒక్కోటి ఒక రోజు పని. "వీలున్నప్పుడు" అంటే ఎప్పుడన్నది ఆవిడే వెతుక్కోవాలి. కేటలాగు పీడీఎఫ్ తెరిస్తే నేను సరుకు అమ్ముకోవడానికి వచ్చినట్టుంటుంది.

అన్నిటికన్నా పెద్ద తప్పు మాత్రం నాకు కనబడలేదు. అది సోమవారం బయటపడింది.

సోమవారం

పొద్దున తమ్ముడికి చదివి వినిపించాను. నైట్రోజన్ దగ్గర ఆపాడు. "అక్కా, ఆ మాట మేడమ్ అనలే. మెషీన్లు అమ్మే అన్న అన్నడు, మనం బయటికొస్తున్నప్పుడు."

నిజమే. ప్యాకెట్లో గాలి తీసి నైట్రోజన్ నింపే యంత్రం గురించి చెప్పింది వేరే ఆయన. ఒకే సాయంత్రం నలుగురితో మాట్లాడితే మాటలు ఒకరివి ఒకరికి అంటుకుపోతాయి. అది ఆవిడకు పంపి ఉంటే, తనతో జరిగిన మాటలు నాకు గుర్తే లేవని ఆవిడ అనుకునేవారు. ఆ పైన నేను ఏం రాసినా నమ్మకం కుదరదు. నిన్న మొదటి ప్రతి రాసేటప్పుడు బస్సులోని నోట్సు తెరవలేదు, గుర్తున్నదాన్ని బట్టి రాశాను. ఇక ముందు నోట్సులో లేని మాట ఎవరి పేరు మీదా రాయను. పక్కన ఎవరైనా ఉండి ఉంటే వాళ్లకు ఒకసారి వినిపిస్తాను.

ఇంగ్లీషులో రాస్తే పద్ధతిగా ఉంటుందేమోనని కాసేపు ఆలోచించాను. కానీ మేం మాట్లాడుకున్నది తెలుగులో. "మధ్య గోడ" అన్న ఆవిడ మాటే మెయిల్లో ఉంటే చాలు, నేను ఎవరో గుర్తొస్తుంది. ఇంగ్లీషులోకి మారిస్తే ఆ గుర్తు పోతుంది.

ఇంకో చిక్కు: ఇప్పుడే పంపాలా, పిండి చేదెక్కుతుందో లేదో తేలాక పంపాలా? ఫలితం తెలియడానికి పది రోజులు పడుతుంది. అప్పటికి ఆవిడకు నేను గుర్తుండను. ఇప్పుడే పంపితే చెప్పడానికి ఫలితం లేదు. ఇది తెమలడానికి చాలాసేపు పట్టింది. చివరికి రెండూ కలిపాను. మెయిలు ఈ రోజే వెళ్తుంది, కలిసే రోజు మాత్రం ఫలితం వచ్చాక ఉంటుంది. కలవడం వచ్చే వారానికి ఎందుకు పెట్టానో కూడా దానంతటదే తెలుస్తుంది.

పొద్దునే గింజ మరపట్టించి రెండు సీసాల్లో పోశాం. ఒకటి నీళ్లలో ముంచినది, ఒకటి మామూలుది. రెండింటి మీదా తేదీ చీటీలు. పదకొండు గంటలకు ఈ మెయిలు పంపాను:

"విషయం: సజ్జపిండి చేదు – శనివారం మీరు చెప్పిన 30 సెకన్ల ముంపు

మేడమ్ గారికి నమస్కారం.

శనివారం సాయంత్రం టీ బల్ల దగ్గర సజ్జపిండి చేదెక్కుతోందని అడిగిన షాద్‌నగర్ అమ్మాయిని. మరపట్టడమంటే గింజలో మధ్య గోడ పడగొట్టడమే అని చెప్పి, ముందు గింజను 30 సెకన్లు మరిగే నీళ్లలో ముంచమన్నారు. తర్వాత ఆరబెట్టడం గురించి అడిగేలోపు మిమ్మల్ని స్టేజీ దగ్గరకు పిలిచారు.

నిన్న కిలో గింజతో చేసి చూశాను. రెండు లీటర్ల నీళ్లు తీసుకుంటే గింజ పడగానే వేడి 98 నుంచి 86 డిగ్రీలకు పడిపోయింది. ఈ రోజు పిండి పట్టించి, ముంచని పిండితో పాటు పక్కపక్కన పెట్టాను. వచ్చే వారానికి తేడా తెలుస్తుంది.

నా ప్రశ్న ఒక్కటే: 86 డిగ్రీలు సరిపోతుందా, లేక నేను చేసిన పద్ధతిలోనే లోపం ఉందా? సీసాలు తీసుకుని మీ దగ్గరకు వస్తాను. వచ్చే గురువారం గానీ శుక్రవారం గానీ ఉదయం 11 గంటలకు, హబ్సిగూడలో మీకు దగ్గరగా ఉన్న చోట కాఫీకి కలవడం వీలవుతుందా? 20 నిమిషాలు చాలు. మీరు ఫీజు తీసుకుని చేసే పని కిందికి ఇది వస్తుందనుకుంటే ఆ మాట చెప్పండి, ఆ పద్ధతిలోనే వస్తాను. కుదరకపోతే ఆ ఒక్క ప్రశ్నకు ఒక వాక్యం రాసినా నాకు మేలే.

నమస్కారాలతో"

కింద నా పేరు, ఊరు, ఫోను నంబరు. జతచేసినవి ఏమీ లేవు.

కొన్ని మాటలు ఎందుకు అట్లా పెట్టానో రాసుకుంటాను, మళ్లీ ఎవరికైనా రాయాల్సి వస్తే ఉండాలి.

విషయం గీతలో "మీటింగు తర్వాత" అనో "కృతజ్ఞతలు" అనో పెట్టలేదు. ఫోన్లో ఆ గీత సగమే కనబడుతుంది. ఆ సగంలోనే సజ్జపిండి అన్న మాట పడాలి. ఆవిడకు నా పేరు గుర్తుండదు, నా సమస్య గుర్తుంటుంది. మొదటి వాక్యంలో పేరుకు బదులు టీ బల్ల, చేదు, ఊరు పెట్టింది కూడా అందుకే.

పదకొండు గంటలన్నది మనవడి బడి సంగతి విన్నాను కాబట్టి ఎంచుకున్నది. ఆ సంగతి మాత్రం రాయలేదు. నాతో అనని మాటను నేను గుర్తుపెట్టుకుని రాస్తే ఆవిడకు ఇబ్బందిగా ఉంటుంది. వేళ కుదిర్చితే చాలు, కారణం చెప్పక్కర్లేదు. హబ్సిగూడ అయితే నాతోనే అన్నారు, కాబట్టి రాశాను.

రెండు రోజులే ఇచ్చాను. ఎప్పుడైనా అంటే ఆవిడ క్యాలెండరు తెరిచి వెతుక్కోవాలి. రెండిస్తే "శుక్రవారం" అని ఒక్క మాటతో సరిపోతుంది.

ఫీజు మాట దగ్గర తమ్ముడు ఒప్పుకోలేదు. "నువ్వే అడిగి మరీ బిల్లు తెచ్చుకుంటున్నవు" అన్నాడు. కానీ ఆవిడకు సలహా ఇవ్వడమే బతుకుతెరువు. కాఫీ పేరు చెప్పి గంటసేపు కూర్చోబెట్టి మొత్తం ప్రాసెస్ రాయించుకుంటే, అది మన దగ్గర ఎవరో పిండి ఉచితంగా పట్టించుకుపోయినట్టే కదా. ఏది పలకరింపు, ఏది పని అన్నది ముందే మనం గీత గీసి చూపిస్తే ఆవిడకు సరే అనడం తేలిక.

కాఫీ అన్న మాట గురించి కూడా తటపటాయించాను. మా ఇంట్లో పెద్దవాళ్లకు "కాఫీకి కలుద్దాం" అంటే చనువు తీసుకున్నట్టు వినిపిస్తుంది. "కలుద్దామా" తీసేసి "కలవడం వీలవుతుందా" అన్నాను. ఒక్క క్రియ మారేసరికి తోటివాళ్లను పిలిచినట్టు ఉన్నది పెద్దవాళ్లను అడిగినట్టు అయింది.

గురువారం

జవాబు లేదు. మూడు రోజులే అయింది.

ఖాళీగా ఎదురుచూసే బదులు ఇంకో కిలో గింజ తీశాం, ఈసారి అయిదు లీటర్ల నీళ్లతో. మూట ముంచగానే 93 దాకా వచ్చి ఆగింది. నీళ్లు ఎక్కువైతే గింజ తెచ్చే చల్లదనం అంతగా ఆనదు. సజ్జల మీద జరిగిన ప్రయోగాల్లోనూ ఒక వంతు గింజకు అయిదు వంతుల నీళ్లే వాడారని తమ్ముడు ఎక్కడో చదివి చెప్పాడు. ఆ తర్వాత రెండు రోజులకు, శనివారం, మరపట్టి మూడో సీసా పెట్టాం.

సోమవారం, మెయిలు పంపి వారం

ఈ పొద్దున ముంచని సీసా మూత తీయగానే తెలిసిపోయింది. ఏడో రోజు. పాత నూనె వాసన, నాలుక చివర చేదు. 86 డిగ్రీల సీసా ఇంకా బాగానే ఉంది.

మేడమ్ నుంచి జవాబు లేదు. ఇప్పుడు రెండో మెయిలు రాయాలి. "నా మెయిలు చూశారా మేడమ్" అని గుర్తుచేయడం నాకు ఇష్టం లేదు. అది చదివితే, చూడలేదన్న తప్పు ఆవిడ మీద పడ్డట్టు ఉంటుంది. నా దగ్గర కొత్త సంగతి ఉంది కాబట్టి ఆ సంగతే రాశాను. పాత మెయిలుకే జవాబుగా పంపాను, కిందకు వెళ్లి చూస్తే మొదటిది కనబడాలని:

"మేడమ్ గారికి నమస్కారం. ముంచని సజ్జపిండి ఈ రోజు, ఏడో నాటికి, చేదెక్కింది. మీరు చెప్పినట్టు ముంచినది ఇంకా బాగుంది. అయిదు లీటర్ల నీళ్లతో ఇంకోసారి చేశాను, వేడి 93 దగ్గర నిలిచింది. ఈ గురువారం, శుక్రవారం ఉదయం 11 నాకు ఇంకా వీలే. ఈ వారం మీకు కుదరకపోతే ఇబ్బంది లేదు, సీసాలు ఎట్లా ఉన్నాయో రాసిపెట్టుకుంటాను."

దీనికీ జవాబు రాకపోతే మూడోది రాయకూడదని అనుకున్నాను. రెండింటికి పలకకపోతే అదీ జవాబే. ఇంకోసారి ఏదైనా మీటింగులో ఎదురైతే నవ్వుతూ పలకరించగలగాలి.

మంగళవారం

మధ్యాహ్నం పన్నెండున్నరకు వచ్చింది: "ఊళ్లో లేనమ్మా, నిన్ననే వచ్చాను. మొదటి మెయిలు చూసి తర్వాత రాద్దామని మరిచిపోయాను. శుక్రవారం 11. మూడు సీసాలూ తీసుకురా. గింజ ఎట్లా ముంచావో ఫోటో ఉంటే అది కూడా."

ఊళ్లో లేకపోవడమే కారణం. ఈ వారమంతా నేను ఊహించుకున్న కారణాల్లో అది లేదు.

వెంటనే ఒక్క వాక్యం పంపాను: శుక్రవారం 11, చోటు మీరు చెప్పండి. హబ్సిగూడ చౌరస్తా దగ్గర ఒక టిఫిన్ సెంటరు చెప్పారు. ఇంకేమీ అడగలేదు. అడగాల్సినవన్నీ అక్కడే.

బుధవారం

86 డిగ్రీల సీసా కూడా తిరిగింది, తొమ్మిదో రోజు. మామూలుదానికి రెండు రోజులే ఎక్కువ నిలిచింది. కొంచెం దిగులుగా ఉంది, కానీ చెప్పడానికి నిజమైన అంకె దొరికింది.

శుక్రవారం

పది నిమిషాల ముందే వెళ్లి కూర్చున్నాను. ఆవిడ కాఫీ తాగరు, చక్కెర లేని టీ. నా వైపు నుంచి మాటలు తక్కువే అయ్యాయి. సీసాలు బల్ల మీద పెట్టాను. ఒక్కోటి మూత తీసి వాసన చూసి, చిటికెడు నోట్లో వేసుకున్నారు. తర్వాత ఫోటో అడిగారు.

అమ్మ పంచె గుడ్డ మూట పట్టుకున్న ఫోటో చూడగానే ఆగారు. "ఇదమ్మా తప్పు. థర్మామీటరు ఎక్కడ పెట్టావు?" గిన్నెలో, నీళ్లలో అన్నాను. "నీళ్లు 86 అయినా 93 అయినా, కిలో గింజ బిగించి మూట కడితే నడిమధ్యకు ఆ వేడి 30 సెకన్లలో చేరదు. అంచున ఉన్న గింజ ఉడికింది, లోపలిది గోరువెచ్చనైంది. సగం ఎంజైము బతికే ఉంది."

నా ప్రశ్నకు జవాబు అదే. నేను నీళ్ల కొలత దగ్గర వెతుకుతున్నాను, లోపం మూటలో ఉంది. ఎట్లా తెలుసుకోవాలో కూడా చెప్పారు: తీసిన వెంటనే మూట విప్పి థర్మామీటరు గింజల నడుమ గుచ్చాలి. అంచుకూ మధ్యకూ తేడా కనబడితే పద్ధతి మార్చాలి. మూట వద్దు, తీగ బుట్టలో పోసి, ముంచినంతసేపు గరిటెతో కలపాలి. అయిదు వంతుల నీళ్లు సరే. తీసి వెంటనే పలచగా పరచాలి, కుప్పగా ఉంటే ఆవిరి లోపలే ఉండి తడి మిగులుతుంది.

ఆరబెట్టడం దగ్గరే శనివారం మాట తెగింది కదా, అది అడిగాను. పంటికింద విరగడం పరవాలేదు గానీ అమ్మే పిండికి అది చాలదన్నారు. ఒక తేమ మీటరు కొనుక్కోమన్నారు, లేదా మార్కెట్ యార్డులో ధాన్యం తేమ చూసేవాళ్ల దగ్గర ఒకసారి చూపించుకోమన్నారు.

తర్వాత మర గురించి అడిగారు. మేం అదే మరలో ముంచని సజ్జలు కూడా పడతాం అన్నాను. మర లోపల మిగిలిపోయే పాత పిండి కొత్త పిండిలో కలుస్తుంది, చేదు దానితో పాటే వస్తుంది. ముంచిన గింజ పట్టే ముందు మర విప్పి తుడవాలి, మొదట వచ్చే కిలో పక్కన పెట్టాలి. ఇది నాకు తట్టనే లేదు.

ఇరవై నిమిషాలు అయిందని నేనే అన్నాను. ఆవిడ ఇంకో టీ చెప్పి పది నిమిషాలు కూర్చున్నారు. మనం పొడిగించడం వేరు, వాళ్లు పొడిగించడం వేరు. చివర నేను ప్యాకెట్టు మీద మూడు నెలలు అని వేయొచ్చా అని అడిగితే గట్టిగానే వద్దన్నారు. ముంచితే వారాలు కలిసొస్తాయి, నెలలు కాదు. ఎన్ని వారాలన్నది ఇంట్లో సీసా రుచి చూసి లేబులు మీద వేసేది కాదు, ల్యాబులో ఆల్కహాలిక్ ఎసిడిటీ లాంటి పరీక్షలు రోజుల వారీగా చేయించి నిర్ణయించేది. "ఆ పని వచ్చినప్పుడు నన్ను పిలువు, అది నా పని, ఫీజుంటుంది. ఇది మాత్రం టీకే." బిల్లు నేను కట్టాను.

రాత్రి ఎనిమిదికి ధన్యవాదాల మెయిలు పెట్టాను. ఏం చేయబోతున్నానో మాత్రమే రాశాను: తీగ బుట్ట, కలపడం, నడుమ వేడి కొలవడం, మర శుభ్రం. ఏ తేదీకి ఫలితం చెబుతానో వేశాను. అది ఆవిడకు నేనిచ్చిన మాట, కాబట్టి ఫోన్లో గుర్తు పెట్టుకున్నాను.

ఆదివారం

బుట్ట పాత ఇనుప సామాన్ల షాపులో దొరికింది. నిన్న గింజ ముంచి కలుపుతూ 30 సెకన్లు ఉంచాం. తీసి గుచ్చితే మధ్యలోనూ 92. మర విప్పి తుడిస్తే లోపల మూలల్లో అరచేతినిండా పాత పిండి వచ్చింది. అమ్మ వాసన చూసి ముఖం తిప్పేసుకుంది. ఈ రోజు మరపట్టి నాలుగో సీసా పెట్టాం.

మంగళవారం, మీటింగుకు నెల

మూటతో చేసిన 93 డిగ్రీల సీసా పన్నెండో రోజుకు చేదెక్కింది. బుట్టతో చేసినది ఈ రోజుకు పదహారు, ఇంకా తియ్యగా ఉంది. రొట్టె చేసి తిన్నాం.

మేడమ్‌కు చెప్పిన తేదీ నిన్ననే. ఒక రోజు ఆలస్యంగా ఈ ఉదయం రాశాను:

"మేడమ్ గారికి నమస్కారం. నిన్నటికి రాస్తానన్నాను, ఒక రోజు ఆలస్యమైంది. బుట్టలో కలుపుతూ ముంచిన పిండికి పదహారో రోజు, చేదు లేదు. మూటలో ముంచినది పన్నెండో నాటికి చేదెక్కింది. మరలో మీరు చెప్పినట్టే పాత పిండి దొరికింది. ల్యాబు పరీక్షల పని మొదలుపెట్టాలనుకుంటున్నాం. మీ ఫీజు, నమూనాలు ఎన్ని కావాలో చెప్పగలరా?"

గంటలో జవాబు వచ్చింది. అయిదు వందల గ్రాముల చొప్పున ఆరు ప్యాకెట్లు, అన్నీ ఒకే రోజు పట్టినవి, గురువారంలోగా. ఫీజు అంకె కింద రాశారు. తమ్ముడు ఇప్పుడే రేపటికి పది కిలోల సజ్జలు చెరగడానికి కూర్చున్నాడు.